మూత సూరమ్మ

మా మామ్మ పేరు సూరమ్మ. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు సూరమ్మగారి ఇల్లెక్కడని అడిగితే చప్పున చెప్పగలిగిన వాళ్ళు ఉండేవారు కాదట. మూత సూరమ్మ అంటే మాత్రం పశువులు కాసుకునే పిల్లలు కూడా వెంటబెట్టుకుని తీసుకొచ్చి గుమ్మంలో దింపేవారట. పేరు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. తెలిస్తే రెండు చీవాట్లు పెట్టాలని ఇప్పటికీ ఉంది.

రాజోలు చుట్టుపక్కల బంధువుల ఇళ్ళలో ఎవరింట పెళ్ళి తలపెట్టినా, పిండివంటలకు మూకుడు పెట్టే రోజున ఆవిడ పిలిచినా వెళ్ళేది, పిలవకపోయినా వెళ్ళేది. చంకలో వెడల్పాటి ఇనుప మూత, చేతిలో జల్లించిన ఎండు బూడిద నింపిన బుట్ట. శుభమా అని అరిసెలు వండుకుంటుంటే బూడిద బుట్టతో ముత్తయిదువ ఎదురురావడం ఎవరికి నచ్చుతుంది? కొందరు మొహం చిట్లించేవారు. కొందరు నవ్వేవారు. "సూరమ్మొదిన వచ్చేసింది, ఇంక మన మూకుడికి మూత పడ్డట్టే" అని మేలమాడేవారు. ఆవిడ ఏమీ అనేది కాదు. బుట్ట మీద అరిటాకు కప్పి ఎవరి కంటా పడకుండా పొయ్యి వెనకాల పెట్టేది. మూత గోడకు ఆనించేది. పక్కనే పీట వేసుకుని కూర్చునేది. ఆఖరి వాయి దిగి, నూనె చల్లారేదాకా అక్కడినుంచి లేచేది కాదు. అరిసె చేతిలో పెడితే కొంగున కట్టుకునేదే గాని నోట పెట్టేది కాదు.

ఆవిడ ఎందుకలా అయిందో నాకు చెప్పింది మా అమ్మ. ఇందులో సగం మా అమ్మ కళ్ళారా చూసింది. మిగతా సగం ముత్తవ్వ రాజేశ్వరమ్మ, అంటే మామ్మకు అత్తగారు, కనపడ్డ ప్రతివాళ్ళకూ చెప్పుకోగా, కొంత మా తాత చెప్పగా విన్నది.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్త రోజులవి. మా ఇల్లు తాటాకిల్లు. మా ఇల్లే ఏమిటి, వీధి మొత్తం తాటాకే. ముత్తవ్వ కాపురానికి వచ్చిన ఏడే ఓ వేసవిలో ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ లేచి, గాలివాటాన వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా తగలబడిపోయిందట. ఆవిడ పెళ్ళిచీరతో సహా బుగ్గయిపోయిందట. అప్పటినుంచి ఆవిడకి నిప్పంటే హడలు. మా ఇంటి చూరు కింద బారుగా కుండలు పెట్టించి, ఎండాకాలమైనా వానాకాలమైనా నిండా నీళ్ళు ఉంచేది. కోడలు కాపురానికి రాగానే మొదట నేర్పింది వంట కాదు, ఇది.

"మంట కనపడితే ఆలోచించకూడదే సూరమ్మా. ఎవరిదీ, ఎలా అంటుకుందీ అని నిలబడి చూస్తే కొంప దక్కదు. కుండెత్తి కొట్టడమే."

"ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ" అనేది కోడలు.

మాట అనడమే కాదు, రెండుసార్లు చూరు అంటుకున్నప్పుడు ఆవిడే కుండెత్తి కొట్టి ఇల్లు కాపాడింది. అత్తగారు పదిమందిలో మెచ్చుకుంది కూడాను. "మా కోడలి చెయ్యి చురుకమ్మా, కన్ను మూసి తెరిచేలోగా నీళ్ళు కొట్టేస్తుంది" అని. ఆ మెచ్చుకోలే తరవాత ముల్లై కూర్చుంది.

ముత్తవ్వకు మా తాత తాతబ్బాయిగారి తరవాత ఒక్కతే కూతురు. జయమ్మ. వసిష్ఠ గోదావరి అవతల నరసాపురంలో ఇచ్చేరు. పిల్ల వయసొచ్చి, కాపురానికి పంపే ముహూర్తం కుదిరింది. వెంట సారె పంపాలి. అరిసెలు, చలిమిడి, జంతికలు కావిళ్ళకెత్తాలి. వదినా ఆడపడుచులిద్దరికీ వయసులో పెద్ద తేడా లేదు. ఒకే కంచంలో తిని, ఒకరి జడ ఒకరు వేసుకున్నవాళ్ళు. కాపురానికి వెళ్ళే పిల్ల పొయ్యి దగ్గర కూర్చోకూడదని ముత్తవ్వ ఎంత చెప్పినా జయమ్మ వినలేదట.

"నా సారె నేను వండుకుంటే తప్పేంటమ్మా? వదిన వండితే అరిసె రాయిలా ఉంటది. మా అత్తగారి పళ్ళు రాలిపోతే ఆ పాపం నాకు చుట్టుకుంటది."

"రాలనియ్యి. నిన్ను కరవకుండా ఉంటుంది" అందట వదినగారు.

పెరటి వంటపాకలో పొయ్యి మీద పెద్ద ఇనుప మూకుడు పెట్టి నువ్వులనూనె పోశారు. జయమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. సూరమ్మ పక్క పొయ్యి మీద బెల్లం పాకం పడుతోంది. పాకం ముదురుతోందని వదిన, ఇంకా రాలేదని ఆడపడుచు. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి, అది ఉండ కడుతుందా లేదా అని ఇద్దరూ తలలు ఆనించి చూస్తూ పోట్లాడుకుంటున్నారు. నూనె త్వరగా కాగాలని జయమ్మ అప్పటికే పొయ్యినిండా కాయలొలిచిన పీచు, కొబ్బరి డొక్కలు కుక్కింది. కొబ్బరి డొక్క అంటుకునేదాకా నానా యాతనా పెడుతుంది, అంటుకుందంటే ఇంక దాన్ని పట్టలేం. ఇద్దరి వీపులూ మూకుడి వైపున్నాయి. నూనె పొగలు కక్కుతున్న సంగతి ఎవరూ చూడలేదు. పొయ్యిలో మంట అంచు దాటి పైకి నాకింది. మూకుడులో నూనె అంటుకుంది.

అప్పటికి అది మూరెడు మంట. జయమ్మ ముందు తేరుకుంది. కంగారు పడలేదు. పొయ్యి ముందు వంగి, కర్రతో డొక్కలు బయటికి లాగడం మొదలెట్టింది. ఆ పిల్లకెవరూ నేర్పకపోయినా చేస్తున్న పని సరైనదే.

వసారాలో బియ్యం ఏరుకుంటున్న ముత్తవ్వకి పాకలోంచి వెలుగు కనపడింది. ఆవిడ కంటికి కనపడింది నూనె మంట కాదు, ఆ పైన వేలాడుతున్న తాటాకు. ఒక్క అరుపు అరిచింది.

"నీళ్ళే! నీళ్ళు కొట్టవే సూరమ్మా!"

చురుకైన చెయ్యి కదా. కన్ను మూసి తెరిచేలోగా చూరు కింది కుండ ఎత్తింది. మూకుడులో కుమ్మరించింది.

చెయ్యి తడి ఉంటే తుడుచుకోకుండా మూకుడు దగ్గరికి రావద్దని ఏ ఇంట్లో అయినా ఆడపిల్లకి అక్షరాభ్యాసం కంటే ముందు చెబుతారు. ఒక్క చుక్క పడితేనే నూనె చిటపటలాడి మొహాన చిందుతుంది. అది సూరమ్మకు తెలుసు, జయమ్మకు తెలుసు, అరిచిన తల్లికీ తెలుసు. ముగ్గురికీ తెలిసిన విషయం ఆ క్షణాన ఒక్కరికీ గుర్తు రాలేదు. మంట అనగానే నీళ్ళు. అంతే.

మూకుడు ఒక్కసారిగా పొంగి ఎగిసింది. మండుతున్న నూనె పైకి లేచి, పాక కప్పుదాకా నిప్పు నిలబడింది. లేచిందంతా వంగి ఉన్న జయమ్మ మీద పడింది. మగవాళ్ళు పరిగెత్తుకొచ్చి గొంగళి చుట్టి ఆ పిల్లని బయటికి లాక్కొచ్చారు. పాక అంటుకుంది. అప్పుడు మిగిలిన కుండలన్నీ కొట్టి, ఇంటికి అంటకుండా ఆర్పారు. ముత్తవ్వ పెట్టించిన నీళ్ళు ఇంటిని కాపాడాయి. అది మాత్రం అబద్ధం కాదు.

జయమ్మని లేత అరిటాకుల మీద పడుకోబెట్టారు. వైద్యుడొచ్చి ఏవో ఆకుపసర్లు పూశాడు. ఏ పసరుకు ఆరే మంట అది? మూడో పొద్దు చూడలేదు. మధ్యలో ఒకసారి తెలివి వచ్చి, పక్కనే ఉన్న సూరమ్మని అడిగిందట.

"వదినా, పాకం ముదిరిపోయిందా?"

"లేదమ్మా. నువ్వు చెప్పినట్టే సరిగ్గా ఉంది."

"చూసేవా మరి" అందట. అవే ఆఖరి మాటలు.

పరామర్శకి వచ్చినవాళ్ళు ఎలా జరిగిందని అడుగుతారు. అడక్క మానరు. ముత్తవ్వ వసారాలో స్తంభానికి ఆనుకుని అందరికీ ఒకే మాట చెప్పేది. "మూకుడు అంటుకుందమ్మా. మా సూరమ్మ నీళ్ళు పోసింది. భగ్గుమంది." కోపంగా కాదు. నిందించినట్టు కాదు. జరిగింది జరిగినట్టు. తిట్టినా కొట్టినా బాగుండేదేమో. తాను అరిచిన అరుపు మాత్రం ఆవిడకి గుర్తులేదు. కూతురు కాలుతుంటే చూసిన తల్లికి ముందు ఏమన్నదో వెనక ఏమన్నదో ఏం గుర్తుంటుంది? ఆ అరుపు ఉన్నట్టు ఎరిగిన మనిషి ఇంక ఒక్కరే. ఆ ఒక్క మనిషీ తలుపు చాటున కూర్చుని, రోజూ ఆ మూడు ముక్కలూ వినేది.

తాతబ్బాయిగారు కూడా ఒకనాడు అడిగేరట. "ఎందుకు పోసేవే నీళ్ళు?"

"మంట కదండీ" అంది ఆవిడ. అంతకు మించి చెప్పలేదు. "మీ అమ్మగారే పొయ్యమన్నారు" అని ఒక్క మాట అని ఉంటే సగం బరువు దిగిపోయేది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి నెత్తిన ఆ సగం పడేది. ఆవిడ అనలేదు. మా మామ్మకి పౌరుషం లేదని కొందరు అనేవారు. ఉన్న పౌరుషమంతా ఆ ఒక్క మాట మింగడానికే సరిపోయిందని నా నమ్మకం.

కర్మకాండలయ్యాక, జయమ్మ అత్తవారు పిల్లకు పెట్టిన బంగారం తిరిగి ఇచ్చి రావడానికి మొగుడూ పెళ్ళాం నరసాపురం బయల్దేరారు. సఖినేటిపల్లి రేవులో పడవ అవతలి ఒడ్డున ఉంది. తాతబ్బాయిగారు రేవుకి దిగి నిలబడ్డారు. సూరమ్మ గట్టు మీద కూర్చుంది. అక్కడ పడవలవాళ్ళు ఓ పాత పడవను బోర్లించి బాగుచేసుకుంటున్నారు. చెక్కల సందుల్లో పూయడానికి ఓ కుండలో నూనే గుగ్గిలమూ కలిపి కాస్తున్నారు. ఆ పొయ్యి చూసుకుంటున్న ఆవిడ పేరు నూకాలమ్మ. గాలి విసురుకి పొయ్యిలో మంట పక్కకి వంగింది. కుండ అంటుకుంది.

సూరమ్మ కేక పెట్టి లేచింది. ఎదురుగా గోదావరి నిండా నీళ్ళు. ఒక్క మనిషి అటు పరిగెత్తడం లేదు. నూకాలమ్మ తాపీగా పక్కనున్న చట్టి మూత తీసుకుని, అటు మొహం తిప్పుకుని, తన వైపునుంచి కుండ మూతి మీదికి జరిపేసింది. కాలితో ఇసక తోసి పొయ్యి నోరు కప్పేసింది. మూత అంచులోంచి కాస్త పొగ వచ్చింది. అంతే, అయిపోయింది. ఆవిడ మళ్ళీ తమలపాకు నమలడం మొదలెట్టింది.

"నీళ్ళు... నీళ్ళు పొయ్యలేదేం?" అని అడిగింది సూరమ్మ.

నూకాలమ్మ వింతగా చూసింది. "నూనికి నీళ్ళేటమ్మా? పడవంతా అంటుకోదూ? నూని తేలికండి, నీళ్ళు బరువు. నీళ్ళెల్లి అడుక్కి కూకుంటాయి. కింద సలసలా కాగి ఒక్కపాలి ఆవిరైపోతాయి. ఆ ఆవిరి ఊరుకుంటదా? పైనున్న నూనినంతా ఎగదన్నుద్ది. నిప్పు నిప్పుగానే ఎగురుద్ది. మా పెద్దోళ్ళ నాడు ఇలాగే ఓ పడవ పోయిందండి."

"మరి మూత వేస్తే?"

"గాలి లేకపోతే మంట బతకదు గదమ్మా. మనకి ఊపిరాడనట్టే. మూతేసి, కింద నిప్పు తీసేసి, ఊరుకోడమే. తొరపడి మూత తియ్యకూడదండి. కుండెత్తుకుని పరిగెత్తకూడదు, ఒంటిమీద ఒలికిపోద్ది. మూత లేదనుకో, పొడి ఇసక, పొడి బూడిద. తడిది పనికిరాదు."

"అంతేనా?"

"అంతేనమ్మా. ఇదేటి పెద్ద ఇద్దె?"

సూరమ్మ ఆ ఇసకలో కూలబడి ఏడ్చింది. జయమ్మ అప్పుడే పోయినట్టు ఏడ్చింది. ఇంటి దగ్గర అత్తగారి ఎదుట ఏడిచే హక్కు తనకి లేదని ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఆ రేవులో, ముక్కూ మొహం ఎరగని మనిషి ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. నూకాలమ్మ ఏమిటని అడగలేదు. తాతబ్బాయిగారు పడవ వచ్చిందని పిలవబోయి, ఆగిపోయి, ఆ పడవ వెళ్ళిపోనిచ్చారట.

ఆ తరవాతే మూత సూరమ్మ పుట్టింది. మొదట్లో మా వాళ్ళే వింతగా చూశారు. ఆవిడ మానలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న ప్రతి ఆడపిల్లకీ చెప్పేది. చూరు మండితే నీళ్ళు, నూనె మండితే మూత. కంగారులో పిండి జల్లేవు సుమా, పిండి కూడా మండుతుంది, బూడిదే జల్లాలి. పొగ మొదలైందంటే కట్టె లాగేయ్, మంట వచ్చేదాకా చూడకు. చెప్పిందే చెబుతుంటే పిల్లలు నవ్వుకునేవారు. ఒకటి రెండు పెళ్ళిళ్ళలో మూకుళ్ళు అంటుకుంటే ఆవిడ మూతే ఆర్పింది కూడా. ఆర్పినప్పుడు ఎవరూ పేరు పెట్టలేదు. వెక్కిరించినప్పుడు పెట్టిన పేరే నిలిచిపోయింది. లోకం తీరు అంతే.

చూరు కింద కుండలు మాత్రం ఆవిడ తీయించలేదు. ముత్తవ్వ నియమం ముత్తవ్వదే. ఒక పక్క నీళ్ళ కుండలు, ఒక పక్క గోడకు ఆనించిన మూత. అత్తాకోడళ్ళు ఆ ఇంట్లో అలాగే ఏళ్ళు గడిపారు. అత్తగారికి తలంటు పోసేదీ, కాళ్ళు పట్టేదీ, అన్నం కలిపి పెట్టేదీ కోడలే. ముత్తవ్వకు చూపు తగ్గింది. తరవాత బొత్తిగా పోయింది. ఇంటికి ఎవరొచ్చినా కూతురి సంగతి ఎత్తేది. "మా సూరమ్మ నీళ్ళు పోసింది. భగ్గుమంది." కొత్త చుట్టాలు తలతిప్పి మామ్మ వంక చూసేవారు. మామ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చేది.

అలా ఉండగా మా నాన్నకి పెళ్ళయి, మా అమ్మ సుబ్బాయమ్మ కాపురానికి వచ్చింది. ఆ ఏడు భాద్రపద అమావాస్య, పెద్దలకు పెట్టుకునే రోజు. ఆ రోజు మా ఇంట జయమ్మకి విస్తరి వేస్తారు. అందులో పూర్ణం బూరెలు ఉండాలి. ఆ పిల్లకి ఇష్టమని తల్లి పట్టు. మూడు రోజులుగా ముసురు. డొక్కలన్నీ తడిసి ఉన్నాయి. మళ్ళీ వేసుకున్న వంటపాకలో మామ్మ మూకుడు పెట్టి, కోడల్ని కూర్చోబెట్టి, విస్తరికి అరిటాకు కోసుకు రావడానికి దొడ్లోకి వెళ్ళింది. ఇలా వెళ్ళి అలా వచ్చే పని.

మా అమ్మకి అప్పటికి ఎంత వయసు? పొయ్యి రాజుకోకపోతే తనని తిడతారని భయం. తడి డొక్కలు పొగ పెడుతుంటే, పొడివి వెతికి ఇంకా ఇంకా కుక్కింది. ఊదింది. అన్నీ కలిసి ఒక్కసారే అంటుకున్నాయి. బూరెలు తొందరలో వేస్తే ఒకటి పగిలి, పూర్ణం నూనెలో కలిసి మాడి, కళ్ళు మండే పొగ లేచింది. మా అమ్మ కళ్ళు నులుముకుని చూసేసరికి మూకుడు నిండా మంట.

వసారాలో కూర్చున్న ముత్తవ్వకి కళ్ళు లేవు. ముక్కు ఉంది, ఒంటికి తగిలే సెగ ఉంది. ఆవిడ అదే గొంతుతో, అదే అరుపు అరిచింది.

"నీళ్ళే! నీళ్ళు కొట్టవే సూరమ్మా!"

మామ్మ చెప్పిన మూత మాట మరిచి మా అమ్మ కుండ ఎత్తింది. తన పేరు కాకపోయినా పెద్దావిడ చెప్పింది కదా. రెండడుగులు వేసింది. అప్పుడు దొడ్లోంచి వచ్చిన మామ్మ చేతిలో ఆకులు కిందపడేసి, వచ్చిన విసురున మా అమ్మని నడుం పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ గుమ్మంలో పడ్డారు. కుండ బయట వానలో పగిలింది.

"వద్దు! వద్దమ్మా! నీళ్ళొద్దు!"

మామ్మ లేచి, గోడకున్న మూత అందుకుంది. మొహానికీ మంటకీ మధ్య అడ్డంగా పట్టుకుని, తన వైపు అంచునుంచి అవతలికి నెట్టింది. మూకుడు మూతపడింది. అంచుల చుట్టూ ఎర్రటి నాలుకలు ఒక్క క్షణం ఆడి, నీలమై, పోయాయి. కర్రతో డొక్కలన్నీ లాగి దూరంగా పడేసింది. నేల మీద చిందిన చోట బూడిద పోసింది. మా అమ్మ ఏడుస్తూ మూత తీసి చూడబోతే చెయ్యి మీద కొట్టింది.

"తియ్యకు. చల్లారేదాకా తియ్యకూడదు. గాలి తగిలితే మళ్ళీ లేస్తుంది. కాలిందేంటి ఎక్కడైనా? చూపించు, ఏదీ? ఏం లేదు కదా?"

ఏమీ కాలేదు. ఒక బూరె మాడింది, ఒక కుండ పగిలింది.

వాన చప్పుడొక్కటే. వసారాలోంచి ముత్తవ్వ పిలిచింది.

"సూరమ్మా."

"ఆయ్, వచ్చేనండి."

"ఆరిపోయిందా?"

"ఆరిపోయిందండి."

"నీళ్ళు పోసేవా?"

"లేదండి. మూతేసేను."

ముత్తవ్వ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు కదిలాయని మా అమ్మ చెప్పింది.

"ఇందాక నేను అరిచేనే. ఏమని అరిచేను?"

మామ్మ కొంగుతో చేతుల మసి తుడుచుకుంది.

"ఆ రోజున కూడా అరిచేనా? నా పిల్ల ఒంగి ఉన్నప్పుడు? నీళ్ళు కొట్టవే సూరమ్మా అన్నాను కదూ? నేనే అన్నాను కదూ?"

"లేదండి అత్తయ్యగారూ. ఎవరూ అనలేదండి. నేనే పోసేను."

అత్తగారితో మా మామ్మ ఆడిన అబద్ధం అదొక్కటే. అదీ సరిగ్గా ఆడలేకపోయింది. గొంతు వణికింది. చూపు లేనివాళ్ళకి గొంతే మొహం.

"ఇన్నేళ్ళూ..." అంది ముత్తవ్వ. మళ్ళీ అడిగింది. "ఒక్క మూతకి పోయే మంటా అది?"

"ఆయ్."

"ఆ వేళ మూత ఎక్కడుందే?"

దీనికి మాత్రం మామ్మ అబద్ధం ఆడలేకపోయింది.

"పక్కనే ఉందండి. గోడకి ఆనించి ఉంది. పిల్లి ముట్టుకోకుండా రాత్రిళ్ళు మూకుడు మీద పెట్టేవాళ్ళం కదండీ. ఇదేనండి."

ముత్తవ్వ చెయ్యి చాపింది. మూత వేడిగా ఉందని మామ్మ ఇవ్వలేదు. చల్లారాక తీసుకొచ్చి ఒళ్ళో పెట్టింది. ఆవిడ దాని అంచు చుట్టూ వేళ్ళతో తడుముతూ, జయమ్మ విస్తరి వడ్డించేదాకా అలాగే కూర్చుంది. మామ్మ పక్కన కూర్చుంది. ఆ రోజు మాత్రం ఇద్దరూ కలిసి ఏడ్చారట, ఆ పిల్ల పోయాక మొదటిసారి.

ఆ తరవాత ముత్తవ్వ ఎక్కువ కాలం బతకలేదు. బతికినన్నాళ్ళూ ఆవిడ మాట మారింది. ఇంటికి ఎవరొచ్చినా, దారిన పోయేవాళ్ళయినా, గుమ్మంలో ఆపి చెప్పేది. "నేనే నీళ్ళు కొట్టమన్నానమ్మా. నా కూతుర్ని నేనే చంపుకున్నాను. నా కోడలు ఒక్క మాట అనలేదు."

లోపల్నుంచి మామ్మ చెయ్యి తుడుచుకుంటూ గబగబా వచ్చి, వాళ్ళకి మజ్జిగ ఇచ్చి, మెల్లిగా చెప్పేదట. "పెద్దావిడకి మతి నిలకడ లేదండి, నమ్మకండి. నీళ్ళు పోసింది నేనే."